రెండు ఆసుపత్రులు, ఒకే పట్టిక, ఎదురెదురు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి ఆపరేషన్ తప్పదన్నారు. ఆ ఆపరేషన్ చేసే రెండు ఆసుపత్రుల నుంచి కిందటేడాది లెక్కలు తీసుకున్నాం. మొదటి ఆసుపత్రిలో 1000 మందిలో 848 మంది కోలుకున్నారు, రెండో దానిలో 1000 మందిలో 887 మంది. రెండోదే నయమని నేను నిర్ణయించుకున్నాను. మా తమ్ముడు అవే లెక్కలను జబ్బు తీవ్రతను బట్టి విడదీశాడు. తేలిక కేసుల్లో మొదటి ఆసుపత్రిలో 300 మందికి 288 మంది, రెండో దానిలో 850 మందికి 782 మంది కోలుకున్నారు. తీవ్రమైన కేసుల్లో మొదటి దానిలో 700 మందికి 560 మంది, రెండో దానిలో 150 మందికి 105 మంది. అంటే రెండు రకాల్లోనూ మొదటిదే ముందుంది, కలిపితే మాత్రం రెండోది ముందుంది! మూడుసార్లు కూడి చూశాం, తప్పు దొరకలేదు. నాన్నగారిది తీవ్రమైన కేసేనని డాక్టరుగారు అన్నారు. మేము ఏ అంకెను నమ్మాలి?

సమాధానం: మీ కూడికలు సరైనవే, మీ తమ్ముడి విభజనా సరైనదే. 288కి 560 కలిపితే 848 వస్తుంది, 782కి 105 కలిపితే 887 వస్తుంది. మధ్యలో ఒక్క రోగి కూడా లెక్క తప్పిపోలేదు. తప్పు లేకుండానే ఇలా ఎలా జరుగుతుందో ముందు చూద్దాం. ఆ తరువాత ఏ అంకెను నమ్మాలన్న విషయానికి వస్తాను. రెండోదే కష్టమైన ప్రశ్న, దానికి జవాబు ఈ పట్టికలో దొరకదు కూడా.

మొదటి ఆసుపత్రిలో తేలిక కేసుల్లో 96 శాతం, తీవ్రమైన కేసుల్లో 80 శాతం కోలుకున్నారు. రెండో ఆసుపత్రిలో అవి వరుసగా 92, 70 శాతాలు. ఇప్పుడు ఒక్కో ఆసుపత్రి మొత్తం శాతాన్ని గమనించండి. అది ఆ ఆసుపత్రి రెండు శాతాలకు మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. సగటు అన్నది అంతకన్నా పైకీ పోలేదు, కిందికీ పోలేదు. అయితే మధ్యలో సరిగ్గా ఎక్కడ ఆగుతుందన్నది వైద్యం నాణ్యత ఒక్కటే నిర్ణయించేది కాదు, ఏ రకం రోగులు ఎంతమంది వచ్చారన్నది కూడా నిర్ణయిస్తుంది. మొదటి ఆసుపత్రి రోగుల్లో 70 శాతం మంది తీవ్రమైన కేసులు కాబట్టి దాని సగటు 96 వైపు కాక 80 వైపు ఒరిగి 84.8 దగ్గర ఆగింది. రెండో ఆసుపత్రి రోగుల్లో 85 శాతం మంది తేలిక కేసులు కాబట్టి దాని సగటు 92 వైపు ఒరిగి 88.7 దగ్గర ఆగింది. మీరు పోల్చిన 84.8, 88.7 అంకెల్లో ఆసుపత్రి పనితనం ఎంత కలిసి ఉందో, ఆ గుమ్మం తొక్కిన రోగుల పరిస్థితి కూడా అంతే కలిసి ఉంది.

ఈ రెండింటినీ విడదీసి చూడడానికి రోగులను మాటవరసకు తారుమారు చేయండి. రెండో ఆసుపత్రికి వచ్చినట్లే మొదటి ఆసుపత్రికీ 850 తేలిక కేసులు, 150 తీవ్రమైన కేసులు వచ్చి, కోలుకునే శాతాలు మారకుండా ఉంటే, 816 మందికి 120 మంది తోడై మొత్తం 936 మంది కోలుకునేవారు. మొదటి ఆసుపత్రికి వచ్చిన 300 తేలిక కేసులు, 700 తీవ్రమైన కేసులు రెండో దానికి వెళ్ళి ఉంటే, 276 మందికి 490 మంది కలిసి 766 మందే కోలుకునేవారు. ఒకే రకం రోగులను ఇద్దరికీ ఇచ్చి చూస్తే మొదటిది ఎటు చూసినా ముందుంటుంది. 93.6 శాతం ఎక్కడ, 84.8 శాతం ఎక్కడ! ఈ రెండింటి మధ్య ఉన్న దూరమంతా రోగుల కలగలుపు వల్ల వచ్చిందే, వైద్యులు చేసినదేమీ అందులో లేదు.

ఇలా తారుమారు కావడం ఎప్పుడు సాధ్యమో, ఎప్పుడు కాదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, నేను ఏ పట్టిక చూసినా ముందు అదే చేస్తాను. మొదటి ఆసుపత్రి సగటు 80కీ 96కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు, రెండో దాని సగటు 70కీ 92కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఈ రెండు పరిధులు 80 నుంచి 92 దాకా ఒకదానిపై ఒకటి పడుతున్నాయి, ఫలితం తిరగబడడానికి చోటు దొరికింది అక్కడే. రెండో ఆసుపత్రిలో తేలిక కేసులు సైతం 78 శాతమే కోలుకుంటూ ఉండి ఉంటే, రోగులను ఎలా కలిపినా మొదటి దాన్ని అది దాటలేకపోయేది. అంటే రోగుల కలగలుపు వేరువేరుగా ఉండడం ఒక్కటే చాలదు. ఏ వర్గంలో ఉన్నామన్నది ఫలితాన్ని గట్టిగా ప్రభావితం చేసేదై ఉండాలి, ఆ ప్రభావం ఆసుపత్రుల మధ్య ఉన్న తేడాను మింగేసేంత పెద్దదై ఉండాలి. మీ పట్టికలో ఆసుపత్రి మారితే 4 నుంచి 10 శాతం తేడా వస్తోంది, తీవ్రత మారితే 16 నుంచి 22 శాతం తేడా వస్తోంది. ఎంత కలగలుపు దగ్గర బోల్తా పడుతుందో కూడా లెక్కకట్టవచ్చు. మొదటి ఆసుపత్రిని అలాగే ఉంచి రెండో దానిలో తీవ్రమైన కేసులను ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతే, అవి వెయ్యికి 327 అయ్యేదాకా మొత్తం మీద రెండోదే ముందున్నట్లు కనిపిస్తుంది, 328వ దగ్గర ఆ ఆధిక్యం పోతుంది. నిజానికి అక్కడికి వచ్చినవి 150 మాత్రమే కాబట్టి మీకు కనిపించిన ఆధిక్యం అంచున నిలబడినదేమీ కాదు.

గణాంక శాస్త్రంలో దీనిని సింప్సన్ పారడాక్స్ అంటారు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో రాసిన వ్యాసం వల్ల ఆ పేరు వచ్చింది, ఆ పేరు పెట్టినవాడు కోలిన్ బ్లైత్, 1972లో. అంతకు చాలా ముందే, 1903లోనే, ఉడ్నీ యూల్ ఈ సంగతి గుర్తించాడు. కనిపెట్టినవారి పేరు కాక తరువాతివారి పేరు నిలిచిపోవడం ఈ శాస్త్రంలో కొత్త కాదు. అయితే సింప్సన్ వ్యాసంలో యూల్ చెప్పని ఒక మెలిక ఉంది, అది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది కాబట్టి కాసేపట్లో దాని దగ్గరికి వస్తాను.

ఇది కాగితం మీది చమత్కారమేనేమో అన్న అనుమానం మీకు రావచ్చు. మూత్రపిండాల్లో రాళ్ళకు చేసే చికిత్సలను పోల్చిన ఒక అధ్యయనం 1986లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కోత పెట్టి చేసే పాత శస్త్రచికిత్స 350 మందిలో 273 మందికి ఫలించింది, అంటే 78 శాతం. చర్మానికి చిన్న రంధ్రం చేసి రాయిని తీసే కొత్త పద్ధతి 350 మందిలో 289 మందికి ఫలించింది, అంటే 83 శాతం. కొత్త పద్ధతి గెలిచినట్లే కదా! రాళ్ళ పరిమాణాన్ని బట్టి విడదీస్తే చిన్న రాళ్ళలో పాత పద్ధతికి 93 శాతం, కొత్తదానికి 87 శాతం. పెద్ద రాళ్ళలో పాతదానికి 73, కొత్తదానికి 69. రెండు చోట్లా పాతదే ముందు. కారణం ఏ పద్ధతి కిందికి ఎలాంటి రాళ్ళు వచ్చాయన్నదానిలో ఉంది. పాత పద్ధతి కిందికి వచ్చిన 350 మందిలో 263 మందివి పెద్ద రాళ్ళు, కొత్త పద్ధతి కిందికి వచ్చిన 350 మందిలో అవి 80 మాత్రమే. కష్టమైన పనిని ఎవరికి అప్పగిస్తారో వారి సగటే పడిపోతుంది. మీ మొదటి ఆసుపత్రి విషయంలోనూ ఇదే జరిగి ఉండే అవకాశం ఉంది, ఎందుకంటే ఇతర చోట్ల చేయలేమని చెప్పిన రోగులు చివరికి అలాంటి ఆసుపత్రికే చేరతారు.

అలాంటప్పుడు రెండు ఆసుపత్రులకూ న్యాయం చేసే ఒకే అంకె కావాలంటే ఎలా? ఇద్దరికీ ఒకే కలగలుపును కొలబద్దగా పెట్టాలి. సాధారణంగా రెండు ఆసుపత్రుల రోగులందరినీ కలిపి ఆ కొలబద్దను తయారుచేస్తారు. మీ పట్టికలో మొత్తం 2000 మందిలో తేలిక కేసులు 1150, తీవ్రమైనవి 850, అంటే 57.5 శాతం, 42.5 శాతం. మొదటి ఆసుపత్రికి 96లో 57.5 శాతం 55.2, 80లో 42.5 శాతం 34, కలిపితే 89.2. రెండో దానికి 92లో 57.5 శాతం 52.9, 70లో 42.5 శాతం 29.75, కలిపితే 82.65. ఇలా సవరించిన లెక్కలో మొదటిది ఆరున్నర శాతం ముందుంది. కొలబద్ద మార్చితే ఈ ఆరున్నర మారుతుంది గాని, రెండు వర్గాల్లోనూ ఒకే ఆసుపత్రి ముందున్నంతకాలం ముందున్నది ఎవరన్నది మారదు. ఒక వర్గంలో ఒకరు, మరో వర్గంలో మరొకరు ముందుంటే మాత్రం ఏ కొలబద్ద ఎంచుకున్నారన్నదే విజేతను నిర్ణయిస్తుంది. అలాంటి చోట ఒకే అంకె కోసం పట్టుబట్టకుండా రెండు వరుసలనూ అలాగే చూపించడం మేలు.

ఇంతవరకు చదివాక, విడదీసిన లెక్కే నిజం, కలిపిన లెక్క మోసం అన్న నిర్ణయానికి వచ్చి ఉంటారు. ఈ విషయం మీద రాసేవారిలో చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఆ ఆపడం వల్లే పాఠకులు ఇంకో రకం తప్పులో పడతారని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి మీ పట్టికనే, ఒక్క అంకె కూడా మార్చకుండా, వేరే కథలో పెట్టి చూపిస్తాను.

రెండు ఆసుపత్రులకూ అన్ని విధాలా ఒకేలాంటి రోగులు వెయ్యేసి మంది వచ్చారనుకోండి. ‘తేలిక’, ‘తీవ్రం’ అన్న ముద్ర ఆసుపత్రిలో చేరేటప్పుడు వేసినది కాదు, ఆపరేషన్ జరిగిన మూడో రోజున రోగి పరిస్థితిని బట్టి వేసినది అనుకోండి. ఇప్పుడు అదే పట్టిక చెబుతున్నదేమిటి? మొదటి ఆసుపత్రిలో మూడో రోజుకల్లా 700 మంది పరిస్థితి విషమించింది, రెండో దానిలో 150 మందికి మాత్రమే విషమించింది. ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడడంలోనో, రక్తస్రావాన్ని అదుపు చేయడంలోనో రెండో ఆసుపత్రి ఎంతో మెరుగ్గా పనిచేసి 550 మందిని ఆ దశకు పోకుండానే కాపాడింది. అలాంటప్పుడు తీవ్రతను బట్టి విడదీసి పోల్చితే, ఆ ఆసుపత్రి చేసిన అసలు మేలును లెక్కలోంచి తీసివేసినట్లే. ఈ కథలో నమ్మవలసినది కలిపిన అంకెనే, 88.7 శాతమే గెలుస్తుంది, మీ తమ్ముడి విభజనే దారి తప్పిస్తుంది.

మరి ఆ కథలో రెండు వరుసల్లోనూ మొదటి ఆసుపత్రి ముందున్నట్లు ఎందుకు కనిపిస్తోంది? రెండో ఆసుపత్రిలో చేరి ఉంటే హాయిగా తేలికవర్గంలోనే ఉండిపోయే ఒక మోస్తరు గట్టి మనుషులు, మొదటి దానిలో చేరడం వల్ల విషమస్థితికి వెళ్ళారు. వారి ఒళ్ళు గట్టిది కాబట్టి ఎలాగో కోలుకున్నారు, అందువల్ల అక్కడి తీవ్రవర్గం శాతం పెరిగింది. అక్కడ తేలికవర్గంలో మిగిలిన 300 మంది ఎవరు? ఏ పరిస్థితినైనా తట్టుకోగలిగిన అతి దృఢమైనవారు, కాబట్టి ఆ శాతమూ పెరిగింది. మంచి వైద్యం వల్ల కాదు, నాసిరకం వైద్యం రోగులను ఒక వర్గంలోంచి మరో వర్గంలోకి తోయడం వల్లే రెండు వరుసలూ మెరిసిపోతున్నాయి.

సింప్సన్ వ్యాసంలో ఉందన్న మెలిక ఇదే. ఆయన ఒకే రకం అంకెలను రెండు సందర్భాల్లో పెట్టి చూపించాడు. ఒకటి చికిత్సకు సంబంధించినది, అక్కడ విడదీసిన లెక్క సమంజసంగా అనిపిస్తుంది. రెండోది ఒక పసివాడు ఆడుకుంటూ మాపేసిన పేకముక్కలకు సంబంధించినది, అక్కడ కలిపిన లెక్కే సమంజసంగా అనిపిస్తుంది. అంకెలు మారలేదు, అంకెల వెనుక ఉన్న సంగతి మారింది. కాబట్టి పట్టికను ఎంతసేపు తదేకంగా చూసినా, ఎన్ని పరీక్షలు చేసినా, ఏ లెక్క నమ్మాలో అది చెప్పదు. మీరు మూడుసార్లు కూడి చూసినా తేలకపోవడానికి కారణం ఇదే. అడగవలసినది ఒక్కటే: వర్గీకరణ చికిత్సకు ముందే ఉన్నదా, చికిత్స వల్ల ఏర్పడినదా? రోగి వయసు, చేరేనాటికి జబ్బు ఏ దశలో ఉంది, రాయి ఎంత పెద్దది, ఇవి ఆసుపత్రి చేతిలో లేనివి, వీటిని బట్టి విడదీయాలి. ఆపరేషన్ తరువాత ఐసీయూలో ఎన్నాళ్ళు ఉన్నారు, మళ్ళీ జ్వరం వచ్చిందా, రెండోసారి ఆపరేషన్ అవసరమైందా, ఇవి ఆసుపత్రి పనితనంలోంచి పుట్టినవి, వీటిని బట్టి విడదీయకూడదు.

చెప్పడానికి సులువే గాని, రికార్డుల దగ్గరికి వెళితే ఈ తేడా చెరిగిపోయి కనిపిస్తుంది. కొన్నేళ్ళ కిందట ఒక ఆసుపత్రి లెక్కలను పరిశీలించే పని నాకు పడింది. కేస్ షీట్ మొదటి పేజీలో, చేరిన తేదీ పక్కనే, తీవ్రత రాసే గడి ఉంది, చేరేటప్పుడే నింపారనే ఎవరైనా అనుకుంటారు. ఒకరోజు మధ్యాహ్నం పది పదిహేను షీట్లు పక్కపక్కన పరిచి చూస్తుంటే ఒక విషయం కంటపడింది. పేరు, వయసు, చేరిన తేదీ నీలిసిరాతో ఒకరి చేతిరాతలో ఉన్నాయి. తీవ్రత గడి మాత్రం నల్లసిరాతో, చివరి పేజీలో డిశ్చార్జ్ నోట్ రాసిన చేతిరాతలోనే ఉంది. రోగి ఇంటికి వెళ్ళేటప్పుడో, చనిపోయాకో ఆ గడి నింపేవారన్నమాట. చనిపోయిన రోగికి వెనక్కి తిరిగి ‘తేలిక’ అని రాసే వైద్యుడు ఎక్కడుంటాడు? ఆ గడిని ఆధారంగా చేసుకుని నేను అప్పటికే తయారుచేసిన విభజన పట్టికను చించి పారేయవలసి వచ్చింది.

ముద్ర ముందుగానే వేసినా, దాన్ని ఎవరు వేస్తున్నారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆసుపత్రే వేస్తుంటే, గీత ఎక్కడ గీయాలన్నది దాని చేతిలో ఉంటుంది. మీ మొదటి ఆసుపత్రిలో ఇటా అటా అని తేల్చలేని రోగులు వంద మంది ఉన్నారనుకుందాం, వారిలో 90 మంది కోలుకున్నారనుకుందాం. వారిని తేలికవర్గంలో ఉంచితే ఆ వర్గంలో 400 మందికి 378 మంది కోలుకున్నట్లు, అంటే 94.5 శాతం, తీవ్రవర్గంలో 600 మందికి 470 మంది, అంటే 78.3 శాతం. ఆ వంద మందినీ తీవ్రవర్గంలోకి జరిపితే మీ పట్టికలో ఉన్న 96, 80 శాతాలు వస్తాయి. ఒక్క రోగికి కూడా అదనంగా మేలు జరగలేదు, మొత్తం 848 అలాగే ఉంది, అయినా రెండు వర్గాల శాతాలూ ఒకేసారి పెరిగాయి. ఆ వంద మంది తేలికవర్గంలో అందరికన్నా బలహీనులు, తీవ్రవర్గంలో అందరికన్నా బలవంతులు కాబట్టి, వారు వెళ్ళిపోవడం వల్ల ఒక సగటు పెరిగింది, వారు వచ్చి చేరడం వల్ల రెండో సగటు పెరిగింది. దీనికి మోసపు ఉద్దేశమే ఉండనక్కర లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, కొత్త స్కానింగ్ పరికరాలు సూక్ష్మమైన వ్యాప్తిని కూడా పట్టుకోవడంతో కొందరు రోగులు పై దశలోకి చేరి, ప్రతి దశలోనూ బతికే శాతం పెరిగినట్లు కనిపించిందని 1985లో ఆల్వన్ ఫైన్‌స్టీన్, ఆయన సహచరులు చూపించారు.

మీ విషయంలో ఊరట కలిగించేది ఏమిటంటే, ఆ వంద మందిని వెనక్కి జరిపి చూసినా 94.5, 78.3 అన్నవి రెండో ఆసుపత్రి 92, 70 కన్నా ఎక్కువే. గీతను కాస్త అటూ ఇటూ జరిపినంత మాత్రాన మీ తమ్ముడి ఫలితం కూలిపోదు. నేనైతే ఇలాంటి పట్టికను నమ్మే ముందు ఎంతమందిని జరిపితే ఫలితం మారుతుందో ఒకసారి వేసి చూస్తాను. పది మందిని జరిపితే చాలు మారిపోయేదైతే దాని జోలికి వెళ్ళను.

లెక్కలోంచి జారిపోయేవారి సంగతి కూడా ఉంది. రెండో ఆసుపత్రికి నిజానికి 180 తీవ్రమైన కేసులు వచ్చి, వారిలో 30 మంది చేయి దాటిపోతున్నారనగా వేరే ఆసుపత్రికి పంపించివేశారనుకోండి. వారు ఆ ఆసుపత్రి లెక్కలో కోలుకోనివారిగా కాక, అసలు రానివారిగా మారిపోతారు. వారిని చేర్చి చూస్తే 180 మందికి 105 మంది, అంటే 58 శాతమే అక్కడ కోలుకున్నట్లు. పైగా ఆ 30 మంది చేరినది మొదటి ఆసుపత్రికే అయితే, ఒకరి వైఫల్యం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అలాగే ‘కోలుకోవడం’ అంటే నడిచి ఇంటికి వెళ్ళడమా, ఆపరేషన్ జరిగిన 30 రోజులకు ప్రాణాలతో ఉండడమా అన్నది కూడా ఇద్దరూ ఒకేలా రాసి ఉండాలి. రోగిని త్వరగా ఇంటికి పంపే ఆసుపత్రి మొదటి లెక్కలో ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

సంఖ్యలు చిన్నవి కావన్నది కూడా ఒక మాట. 150 మందికి 105 అన్నప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులు అటు ఏడు, ఇటు ఏడు శాతం ఉంటాయి, అంటే ఆ 70ని 63 నుంచి 77 దాకా అనుకోవాలి. మొదటి ఆసుపత్రి 80ని 77 నుంచి 83 దాకా అనుకోవచ్చు. పది శాతం తేడా ఈ హెచ్చుతగ్గులను దాటి నిలబడుతుంది. ఆ వరుసలో 150 బదులు 15 మందే ఉండి ఉంటే, 10 మంది కోలుకున్నారా 12 మందా అన్నదానితోనే బొమ్మ మారిపోయేది, అప్పుడు ఈ ఉత్తరమే నేను వేరుగా రాసేవాణ్ణి.

తీవ్రతను బట్టి విడదీశాక వయసును బట్టి ఇంకా విడదీస్తే మళ్ళీ తిరగబడదా అని మీ తమ్ముడు అడగవచ్చు. సిద్ధాంతరీత్యా అడ్డేమీ లేదు. కాని ఇందాకటి పరీక్షే ఇక్కడా వర్తిస్తుంది: తీవ్రవర్గంలోని పది శాతం తేడాను మింగాలంటే, వయసు ఫలితాన్ని అంతకు మించి మార్చేదై ఉండాలి, రెండో ఆసుపత్రి తీవ్రమైన కేసుల్లో వృద్ధుల వాటా మొదటి దానికన్నా చాలా ఎక్కువై ఉండాలి. అలాంటి కారణం ఫలానాదని చూపించలేనివారు, ఏదో ఒకటి ఉండవచ్చు కదా అని అనుమానం మాత్రమే వ్యక్తం చేస్తే దానికి పెద్ద విలువ ఇవ్వనక్కర లేదు. వయసుల లెక్క దొరికితే మాత్రం తప్పక అడిగి తీసుకోండి.

ఇక మీ నాన్నగారి సంగతి. ఆయన కేసు ఎలాంటిదో ఆపరేషన్‌కు ముందే డాక్టరుగారు చెప్పారు. ఆసుపత్రులు కూడా అలాగే, చేరేనాటి పరీక్షలను బట్టే వర్గీకరించి ఉంటే, ఆయన నిలబడేది ఆ రెండో వరుసలో, 80కీ 70కీ మధ్య ఉన్న పది శాతం తేడా దగ్గర. 88.7 అన్న అంకె ఆయనకు సంబంధించినది కాదు, అందులో ఎక్కువ భాగం ఆయనలాంటివారు కాని 850 మందిది. కాబట్టి నేను మొదటి ఆసుపత్రినే ఎంచుకుంటాను. దానికి ముందు రెండు చోట్లా రికార్డుల విభాగంలో మూడు విషయాలు అడిగి తెలుసుకోండి: తీవ్రత ముద్ర ఏ రోజున, ఏ పరీక్షల ఆధారంగా వేస్తారు, ఇతర ఆసుపత్రులకు పంపిన రోగులను ఏ లెక్కలో రాస్తారు, కోలుకున్నారని ఎన్నో రోజున నిర్ణయిస్తారు. ఆ ముద్ర ఆపరేషన్ తరువాత వేసేదని రెండు చోట్లా చెబితే మీ తమ్ముడి పట్టికను పక్కన పెట్టి, చేరేనాటి రోగుల పరిస్థితి రెండు చోట్లా ఒకేలా ఉందా అన్నది అడగండి. ఉందంటే మీరు మొదట అనుకున్న రెండో ఆసుపత్రికే వెళ్ళండి. ఒక చోట ముందూ, ఇంకో చోట తరువాతా వేస్తారని తేలితే ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చడానికే వీలు లేదు. అప్పుడు రెండు చోట్లా చేరేనాటి వివరాలతో మరో పట్టిక ఇమ్మని అడగవలసి ఉంటుంది.